దగ్గు తగ్గింది, కళ్లె లోపలే ఉండిపోయింది: ఒక కేసు

పేషెంట్ భార్య చేతిసంచిలోంచి మూడు ఖాళీ దగ్గు మందు సీసాలు తీసి నా బల్ల మీద వరసగా పెట్టారు. "ఇవి తాగాక దగ్గు బాగా తగ్గిందండీ. మరి ఈ జ్వరం, ఆయాసం ఎందుకొచ్చాయో తెలీట్లేదు" అన్నారు. కేసంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. కానీ అది నాకు పూర్తిగా అర్థం కావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది, మధ్యలో నేను కూడా ఒక సిరప్ రాసి పొరపాటు చేశాను. ఆయన అనుమతితోనే రాస్తున్నాను, మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ముందు సంగతి

వయసు 62. రైస్ మిల్లులో చాలా ఏళ్లు పనిచేశారు. బీడీ, సిగరెట్ అలవాటు లేదు. ఇరవై ఏళ్ల కిందట టీబీ వచ్చి ఆరు నెలల కోర్సు పూర్తిగా వాడారు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే దగ్గి కళ్లె ఊయడం అలవాటైపోయింది. ఎంత వస్తుందని అడిగితే, "టీ గ్లాసులో సగం లోపు" అన్నారు. ఇరవై ఏళ్లుగా రోజూ సగం గ్లాసు కళ్లె వస్తుంటే అది మామూలు గొంతు గరగర కాదు, ఊపిరితిత్తుల్లో ఏదో ఒక మూల గాలి గొట్టం పాడై వెడల్పయిపోయి, అందులో కఫం నిలవుంటోందని అర్థం. తర్వాత తీసిన సీటీలో అదే కనిపించింది: ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో బ్రాంకియెక్టాసిస్. ఆ పేరు ఆయనకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

నా దగ్గరికి రావడానికి పదిరోజుల ముందు జలుబు చేసి దగ్గు ఎక్కువైంది, రాత్రిళ్లు నిద్ర లేదు. మెడికల్ షాపులో అడిగి సిరప్ తెచ్చుకున్నారు. మొదట 10 మి.లీ. చొప్పున మూడుసార్లు, తర్వాత రాత్రి దగ్గు వచ్చినప్పుడల్లా మూతతో కొలిచి ఇంకాస్త. తొమ్మిది రోజుల్లో 100 మి.లీ. సీసాలు మూడు అయిపోయాయి.

లేబుల్ చదివాం. ప్రతి 5 మి.లీ.లో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ 10 మి.గ్రా., క్లోర్‌ఫెనిరమైన్ 2 మి.గ్రా., ఫినైల్ఎఫ్రిన్ 5 మి.గ్రా. సగటున రోజుకు 33 మి.లీ. అనుకుంటే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ సుమారు 66 మి.గ్రా., క్లోర్‌ఫెనిరమైన్ 13 మి.గ్రా. ఒంట్లోకి వెళ్లాయి. పెద్దవాళ్లకు ఇచ్చే మోతాదు దాటలేదు. అంటే ఇది ఓవర్‌డోస్ కేసు కాదు. మందు దాని పని అది చేసింది, ఇవ్వకూడని మనిషికి ఇచ్చారు.

వచ్చినప్పటి పరిస్థితి

జ్వరం 101, ఆక్సిజన్ 90 శాతం, ఎడమవైపు వీపు కింద స్టెతస్కోప్ పెడితే గరగర. ఎక్స్‌రేలో అదే చోట తెల్లటి మచ్చ. న్యుమోనియా అని చెప్పడానికి కష్టపడక్కర్లేదు. నన్ను ఆపింది ఇంకో విషయం. "కళ్లె ఎప్పటినుంచి ఆగింది?" అని అడిగితే "సిరప్ మొదలెట్టిన మూడో రోజుకే మొత్తం ఆగిపోయింది" అన్నారు. జ్వరం వచ్చింది ఏడో రోజున. ఇరవై ఏళ్లలో ఒక్కరోజు కూడా ఆగని కళ్లె నాలుగు రోజులు పూర్తిగా ఆగాక జ్వరం వచ్చిందన్నమాట. ఇంకోటి కూడా భార్యే చెప్పారు, ఆయన సిగ్గుపడి చెప్పలేదు: వారం నుంచి మూత్రం సన్నగా, ఆగి ఆగి వస్తోంది, నోరు పిడచకట్టుకుపోతోంది.

ఆ మూత్రం విషయం నాకు పెద్ద ఆధారం. క్లోర్‌ఫెనిరమైన్ పాతకాలపు యాంటీ హిస్టమిన్. అలర్జీని తగ్గించడంతో పాటు ఒంట్లో తడిని కూడా తగ్గిస్తుంది, నోరు ఎండుతుంది, ప్రోస్టేట్ వయసులో ఉన్నవాళ్లకు మూత్రం బిగుస్తుంది. ఫినైల్ఎఫ్రిన్ ఆ బిగుతును ఇంకా పెంచుతుంది. నోరు అంత ఎండిందంటే గాలి గొట్టాల్లో తడి కూడా తగ్గి ఉంటుందనీ, కళ్లె చిక్కబడి అతుక్కుపోయి ఉంటుందనీ అనుకోవచ్చు. ఇక డెక్స్‌ట్రోమెథార్ఫాన్ మెదడు కాండంలో దగ్గు ప్రతిచర్యను నడిపే నాడుల మీద పనిచేసి దగ్గు వచ్చే హద్దును పెంచుతుంది. అంటే మామూలుగా దగ్గు రావాల్సినంత గరగర ఉన్నా దగ్గు రాదు. ఒక మందు కళ్లెను చిక్కబరుస్తుంటే ఇంకో మందు దాన్ని బయటికి తోసే పనిని ఆపుతోంది, అదీ కఫం నిలవుండే గుంటలున్న ఊపిరితిత్తిలో.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. సిరప్ వల్లే న్యుమోనియా వచ్చిందని నేను రుజువు చేయలేను. వైరల్ జలుబు తర్వాత బ్రాంకియెక్టాసిస్ ఉన్నవాళ్లకు ఏ మందూ వాడకపోయినా ఇన్ఫెక్షన్ ముదరొచ్చు. పైగా మామూలు జలుబు దగ్గులో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ప్రభావం చాలా చిన్నది: 30 మి.గ్రా. ఒక్క డోసు ఇచ్చి దగ్గులు లెక్కపెట్టిన ట్రయల్స్‌ని కలిపి చూస్తే, మందు లేని ఉత్తి సిరప్ తాగినవాళ్ల కంటే దగ్గు ఓ పదీ పదిహేను శాతం తగ్గింది, అంతే. ఇంత బలహీనమైన మందు ఆయన దగ్గును పూర్తిగా ఆపేసిందంటే నమ్మడం కష్టం. దగ్గడానికి పైకి వచ్చే కళ్లె అసలు లేకుండా ఎండిపోవడం, క్లోర్‌ఫెనిరమైన్ మత్తు, జలుబు తనంతట తాను తగ్గడం, ఇవన్నీ కలిసి ఉంటాయని నా అంచనా. అనుమానం బలపడింది సిరప్ ఆపాకే: రెండో రోజు రాత్రి ఆయన పచ్చటి, జిగురు కళ్లె సుమారు గ్లాసుడు ఊశారు, తెల్లారేసరికి ఆక్సిజన్ 94కి చేరింది.

మొదట చేసినవి, తప్పినవి

దగ్గు మందు ఆపేశాం. కళ్లెను టీబీ క్రిముల్ని పట్టే సీబీనాట్ పరీక్షకి పంపాం. పాత టీబీ ఉన్న మనిషి కాబట్టి ఇది తప్పించుకోలేం. నెగటివ్ వచ్చింది. కల్చర్‌లో హీమోఫిలస్ అనే బాక్టీరియా పెరిగింది, అమాక్సిసిలిన్–క్లావులనేట్ పద్నాలుగు రోజులు ఇచ్చాం. మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉంచి ఇంటికి పంపాం. మూత్రం ఇబ్బంది సిరప్ ఆపిన మూడో రోజుకి పోయింది, దానికి వేరే మందు అక్కర్లేకపోయింది.

ఇంటికి వెళ్లేటప్పుడు "కళ్లె కరగడానికి ఏదైనా రాయండి" అని అడిగారు. నేను చెయ్యి తిరిగిన అలవాటు కొద్దీ, ఇక్కడ అందరం రాసే రకం సిరప్ రాశాను: 5 మి.లీ.లో టెర్బ్యుటలిన్ 1.25 మి.గ్రా., బ్రోమ్‌హెక్సిన్ 4 మి.గ్రా., గ్వాయిఫెనిసిన్ 50 మి.గ్రా., కొంచెం మెంథాల్. 10 మి.లీ. చొప్పున మూడు పూటలా. అయిదో రోజున ఫోన్ చేశారు. చేతులు వణుకుతున్నాయి, కాఫీ కప్పు పట్టుకోలేకపోతున్నారు, గుండె దడదడ. వచ్చాక చూస్తే నాడి 112. కళ్లె సంగతి అడిగితే "ఏం తేడా లేదండీ" అన్నారు.

అప్పుడు కూర్చుని, రాసేముందే వేయాల్సిన లెక్క వేశాను. గ్వాయిఫెనిసిన్ ఎక్స్‌పెక్టరెంట్, అంటే కళ్లెను పలచబరిచి పైకి రప్పిస్తుందని చెప్పే మందు. అది జీర్ణాశయం గోడలోని నాడులను కాస్త రెచ్చగొడుతుంది, ఆ సంకేతం వేగస్ నాడి గుండా తిరిగి గాలి గొట్టాల గ్రంథులకు చేరి నీరులాంటి స్రావాన్ని పెంచుతుందని దాని గురించి చెప్పే సిద్ధాంతం. వాంతి వచ్చేముందు నోట్లో నీళ్లూరినట్టు, ఆ దారిలోనే అన్నమాట. పెద్దవాళ్లకు ఆ మందు మోతాదు 200 నుంచి 400 మి.గ్రా., నాలుగు గంటలకోసారి. నా సిరప్‌లో ఆయనకు ఒక్కో పూట అందింది 100 మి.గ్రా. కనీస మోతాదు అందాలంటే ఒకేసారి 20 మి.లీ. తాగాలి, అప్పుడు టెర్బ్యుటలిన్ 5 మి.గ్రా. లోపలికి వెళ్తుంది, వణుకు రెట్టింపవుతుంది. నాలుగు మందులు ఒకే సీసాలో పోస్తే వచ్చే చిక్కు ఇదే. ఏ ఒక్కదాన్నీ పెంచలేం, తగ్గించలేం. బిగిసిన గాలి గొట్టాలను వదులు చేసే టెర్బ్యుటలిన్ ఆయనకు అసలు అవసరమే లేదు, పిల్లికూతలు లేవు. అవసరం లేని మందు పూర్తి మోతాదులో అందింది, అవసరమనుకున్న మందు సగమే అందింది.

సరైన మోతాదు ఇచ్చినా గ్వాయిఫెనిసిన్‌కి ఆధారం పలచనే. జలుబు దగ్గులో చేసిన ట్రయల్స్ ఒకదానికొకటి పొసగవు, ఒకదాంట్లో ఎక్కువమంది బాగుందన్నారు, ఇంకోదాంట్లో దగ్గుల సంఖ్యలో తేడానే రాలేదు. షాపుల్లో దొరికే దగ్గు మందులన్నిటి మీదా 2014లో వచ్చిన కోక్రేన్ సమీక్ష 29 ట్రయల్స్ చూసి, ఇవి పనిచేస్తాయనీ చేయవనీ చెప్పడానికి సరిపడా మంచి ఆధారం లేదని తేల్చింది. ఆ ట్రయల్స్ కూడా అంతకుముందు ఆరోగ్యంగా ఉండి జలుబు చేసినవాళ్ల మీద చేసినవి. మా పేషెంట్‌లాంటి వాళ్లు వాటిలో లేనే లేరు.

మ్యూకోలిటిక్‌ల దగ్గర ఆగి ఆలోచించింది

ఈసారి మ్యూకోలిటిక్‌లను, అంటే కళ్లెను విరిచి పలచబరుస్తాయని చెప్పే మందులను, ఒక్కోటి విడిగా, ఒక్కో దానికి గడువు పెట్టి చూద్దామనుకున్నాను. ఆయనకు గీతలున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, రోజుకు ఎంత కళ్లె వస్తుందో పాత క్యాలెండర్ మీద రాయమన్నాను. వారం సగటు 40 మి.లీ. వచ్చింది. దగ్గు రోజంతా వస్తూనే ఉంది, రాత్రి రెండుమూడుసార్లు లేస్తున్నారు. ఇదీ మొదలు పెట్టిన చోటు.

మొదట ఆంబ్రాక్సాల్ 30 మి.గ్రా. మూడు పూటలా, రెండు వారాలు. ఈ మందు పుట్టుక తెలిస్తే మనవాళ్లకు ఆశ్చర్యంగా ఉంటుంది. అడ్డసరం ఆకులో ఉండే వాసిసిన్ నుంచి బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు, ఆ బ్రోమ్‌హెక్సిన్ ఒంట్లో మారితే వచ్చేది ఆంబ్రాక్సాల్. మన అమ్మమ్మలు దగ్గుకు కాచిన ఆకుకీ, ఈ మాత్రకీ చుట్టరికం ఉంది. ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టంట్ అనే జారుడు పొరను పెంచి కళ్లె గోడలకు అంటుకోకుండా చేస్తుందనీ, కళ్లెలోని పీచుల్ని తెంపుతుందనీ చెబుతారు. రెండు వారాల తర్వాత క్యాలెండర్‌లో సగటు 40 మి.లీ. దగ్గరే ఉంది, రాత్రి లేవడం తగ్గలేదు. ఆపేశాం.

తర్వాత ఎన్-ఎసిటైల్ సిస్టీన్, నీళ్లలో వేస్తే బుసబుస పొంగే 600 మి.గ్రా. మాత్ర. దీని పని విధానం పుస్తకంలో చదువుతుంటే ముచ్చటేస్తుంది: కళ్లెలో మ్యూసిన్ అనే పొడుగాటి ప్రొటీన్ గొలుసులు గంధకం–గంధకం బంధాలతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, ఈ మందు ఆ ముడులు విప్పుతుంది. గాజు గొట్టంలో కళ్లె మీద పోస్తే కళ్ల ముందే నీళ్లయిపోతుంది. కానీ మింగిన మాత్రలో పదో వంతు మాత్రమే మారకుండా రక్తంలోకి చేరుతుంది, మిగతాది పేగులోనూ కాలేయంలోనూ మారిపోతుంది. ఇక గాలి గొట్టంలోని కళ్లెను ముట్టుకునేంత మందు ఎక్కడిది? మింగినప్పుడు వచ్చే మేలు ఏదైనా ఉంటే అది యాంటీ ఆక్సిడెంట్ గుణం వల్ల అయ్యుండొచ్చు.

మేలు లేదని కాదు, అది ఇంకో జబ్బులో ఉంది. గాలి గొట్టాలు ఇరుకైపోయే సీఓపీడీ జబ్బులో మ్యూకోలిటిక్‌ల మీద 2019 కోక్రేన్ సమీక్ష 38 ట్రయల్స్, పదివేలమందికి పైగా పేషెంట్లను చూసింది. ఎనిమిదిమంది సుమారు తొమ్మిది నెలలు వాడితే, అదనంగా ఒకరికి ఆ కాలంలో జబ్బు తిరగబెట్టకుండా ఉంటుందని లెక్క. చిన్న లాభం, కానీ నమ్మదగింది. దాన్నే బ్రాంకియెక్టాసిస్‌కి తెచ్చి అతికిద్దామంటే కుదరదు. 2025లో బ్రిటన్ నుంచి వచ్చిన ట్రయల్‌లో 288 మంది బ్రాంకియెక్టాసిస్ పేషెంట్లకు కార్బోసిస్టీన్ అనే మ్యూకోలిటిక్ గానీ, చిక్కటి ఉప్పునీటి ఆవిరి గానీ ఏడాదిపాటు ఇచ్చి చూస్తే, జబ్బు తిరగబెట్టే సంఖ్య చెప్పుకోదగినంత తగ్గలేదు.

ఇంకా గట్టి హెచ్చరిక డార్నేస్ ఆల్ఫా ఇచ్చింది. చీములో చచ్చిన కణాల నుంచి వచ్చిన డీఎన్ఏ తాళ్లను కత్తిరించే ఎంజైమ్ అది. పుట్టుకతో వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బున్న పేషెంట్లకు నిజంగా మేలు చేసే మందు. అదే మందును వేరే కారణాలతో బ్రాంకియెక్టాసిస్ వచ్చినవాళ్లకు ఇచ్చి చూసిన ట్రయల్ 1998లో వచ్చింది. వాళ్లకు జబ్బు ఎక్కువసార్లు తిరగబెట్టింది, ఊపిరి సామర్థ్యం పడిపోయింది. కళ్లె చూడ్డానికి ఒకలాగే ఉంటుంది, మందు పని విధానం అదే, ఫలితం తలకిందులు. పని విధానం బాగుంది కదా అని మందు రాయబోయిన ప్రతిసారీ నాకు ఈ ట్రయల్ గుర్తొస్తుంది.

మా పేషెంట్ ఎసిటైల్ సిస్టీన్ నెలరోజులు వాడారు. క్యాలెండర్‌లో మార్పు లేదు. "మందు మంచిదేనండీ, తాగితే హాయిగా ఉంటుంది" అన్నారు. ఆ హాయిని నేను కొట్టిపారేయను, తియ్యగా గొంతు తడిపే ఏ ద్రవమైనా దగ్గును కొంత తగ్గిస్తుంది, దగ్గు మందుల ట్రయల్స్‌లో ఉత్తి సిరప్ తాగినవాళ్లకు తగ్గినదే పెద్ద వాటా. కానీ హాయి కోసం రోజూ మాత్ర ఖర్చు ఎందుకు, గోరువెచ్చటి నీళ్లు తాగండని చెప్పాను.

పనిచేసింది

ఫిజియోథెరపిస్టుని పిలిచాను. ఈ పని మొదటి రోజే చేయాల్సింది.

నేర్పింది రెండే. ఒకటి పడుకునే తీరు: పాడైన భాగం ఎడమ ఊపిరితిత్తి కింద ఉంది కాబట్టి కుడివైపుకి తిరిగి పడుకోవాలి, మంచం కాళ్లవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాలి. అప్పుడు ఆ గొట్టం నోరు కిందికి వస్తుంది, కఫం దానంతట అదే పెద్ద గొట్టంలోకి జారుతుంది. రెండోది హఫ్: మధ్యరకంగా గాలి పీల్చి, నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని పొడుగ్గా, గట్టిగా వదలడం. గట్టిగా దగ్గితే పాడైన గొట్టాలు మూసుకుపోయి కళ్లె అక్కడే చిక్కుకుంటుంది, హఫ్‌లో అవి తెరుచుకునే ఉంటాయి. మూడునాలుగు నెమ్మది శ్వాసలు, రెండు హఫ్‌లు, మళ్లీ శ్వాసలు, ఇలా పదిహేను ఇరవై నిమిషాలు, పొద్దున కాఫీకి ముందు ఒకసారి, సాయంత్రం అన్నానికి ముందు ఒకసారి. కళ్లెలో రక్తం పడేవాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, పుల్లటి త్రేన్పులు ఎక్కువున్నవాళ్లకు తల కిందికి పెట్టే ఈ పద్ధతి వద్దు, వాళ్లకు కూర్చుని చేసే తీరు నేర్పాలి. ఆయనకు అవేవీ లేవు.

దీనితో పాటు మొదటి నాలుగు వారాలు, చేసేముందు గొట్టాలు బిగుసుకోకుండా సాల్బ్యుటమాల్ ఇచ్చి, 3 శాతం ఉప్పునీళ్లు 4 మి.లీ. నెబ్యులైజ్ చేయించాను. మొదటి డోసు ఆసుపత్రిలోనే, ముందూ వెనకా ఊపిరి కొలిచి ఇచ్చాం, ఎందుకంటే ఉప్పునీళ్లకు కొందరి గొట్టాలు బిగుసుకుంటాయి. ఉప్పు తన చుట్టూ నీటిని లాక్కుని కళ్లెను తడుపుతుంది, వాదన అంతే.

మూడో వారానికి క్యాలెండర్ మారింది. రోజు మొత్తం కళ్లె అంతే, 40 మి.లీ. దగ్గర. కానీ అందులో 30కి పైగా పొద్దున ఆ ఇరవై నిమిషాల్లోనే వచ్చేస్తోంది, మిగతాది సాయంత్రం. పగలంతా దగ్గు దాదాపు లేదు, రాత్రి లేవడం ఆగింది. నేను ఇన్నాళ్లూ తప్పు అంకె చూస్తున్నానని అప్పుడు తెలిసింది. మందు వల్ల కళ్లె తగ్గిందా అని చూశాను, ఎప్పుడు వస్తోందన్నది రాయించడం మూడో వారంలో గానీ తట్టలేదు.

మేలు ఉప్పునీళ్లదా, ఇటుకలదా? తేల్చుకోవడానికి అయిదో వారం నుంచి నెబ్యులైజర్ ఆపి, మిగతాది అలాగే కొనసాగించమన్నాను. తర్వాతి నాలుగు వారాల్లో ఏ మార్పూ రాలేదు, కాబట్టి నెబ్యులైజర్ తిరిగి పెట్టలేదు. ఒక్క మనిషి మీద చేసిన పరీక్ష ఇది, ఇంకొకరికి ఉప్పునీళ్లు అవసరం పడొచ్చు. వ్యాయామాల ఆధారం కూడా పెద్దదేం కాదు. స్పెయిన్‌లో 2018లో వచ్చిన ట్రయల్‌లో 44 మందే ఉన్నారు. ఏడాదిపాటు రోజూ రెండుసార్లు పక్కకి పడుకుని గాలి వదిలే పద్ధతి చేసినవాళ్లకు కళ్లె ఎక్కువ బయటికొచ్చింది, జబ్బు తక్కువసార్లు తిరగబెట్టింది. చిన్న ట్రయలే అయినా అది ఇలాంటి పేషెంట్ల మీద చేసింది, నేను రాసిన సిరప్‌కి ఆ మాత్రం కూడా లేదు.

అదే ఇంట్లో ఇంకో సీసా

రెండో నెల విజిట్‌లో కోడలు ఒక మాట అడిగారు. మామగారికి తెచ్చిన సీసాల్లోంచే మూడేళ్ల పాపకి కూడా రాత్రిళ్లు అర చెంచా పోశారట, ఇప్పుడు మళ్లీ జలుబు చేసింది, పొయ్యొచ్చా? వద్దమ్మా అన్నాను. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్ఎఫ్రిన్ కలిపిన మందులు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులోనే మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ లేబుల్ మీద రాయమంది. మధ్యప్రదేశ్‌లో కల్తీ సిరప్ వల్ల పిల్లలు చనిపోయాక 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దనీ, అయిదేళ్ల లోపు మామూలుగా సిఫారసు చేయబోమనీ సూచన ఇచ్చింది. కల్తీ లేకపోయినా పిల్లల్లో ఇవి పనిచేస్తాయని చూపించే ఆధారం లేదు. మత్తు, గుండె దడ మాత్రం నిజం.

"మరి రాత్రి దగ్గుకి?" అంది. ఏడాది దాటిన పిల్లలకు పడుకునేముందు అర చెంచా నుంచి చెంచా తేనె ఇవ్వొచ్చు. ఏ మందూ ఇవ్వనివాళ్ల కంటే తేనె ఇచ్చిన పిల్లలకు దగ్గు కాస్త తగ్గుతుందని, డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌తో పోల్చినా పెద్ద తేడా లేదని ట్రయల్స్‌లో తేలింది. ఏడాది లోపు మాత్రం చుక్క కూడా వద్దు, బోటులిజం అనే విషపు జబ్బు భయం ఉంది. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు, అన్నం మానేసినా తేనెతో ఆగకుండా తీసుకురమ్మని చెప్పాను.

దగ్గును అణిచే మందు నేను అసలు రాయనని కాదు. జలుబు తర్వాత పొడి దగ్గు, కళ్లె చుక్క లేదు, ఛాతీ శుభ్రంగా ఉంది, రాత్రి నిద్ర లేక మనిషి నీరసించిపోతున్నారు, అలాంటి పెద్దవాళ్లకు విడిగా డెక్స్‌ట్రోమెథార్ఫాన్ రాత్రిపూట రెండుమూడు రోజులు రాస్తాను, లాభం చిన్నదని చెప్పే రాస్తాను. రాసేముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. కళ్లె వస్తోందా, ఎంత? డిప్రెషన్‌కి మాత్రలేమైనా వాడుతున్నారా? పారాక్సెటీన్, ఫ్లూయోక్సెటీన్ లాంటివి డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌ని కాలేయంలో విరగనివ్వవు, పైగా రెండూ మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే మందులే, కలిస్తే ప్రమాదం.

ఆయన్ని చివరిగా ఆరో నెలలో చూశాను. మధ్యలో ఒకసారి కళ్లె పచ్చబడి జ్వరం తగిలితే యాంటీబయాటిక్ పడింది, అడ్మిషన్ అక్కర్లేకపోయింది. ఫ్లూ టీకా వేయించాం. సంక్రాంతికి కూతురింటికి వెళ్తే అక్కడ మంచానికి ఇటుకలు దొరక్క, పాత పుస్తకాల కట్టలు పెట్టుకుని చేశానని చెప్పారు. క్యాలెండర్ కూడా తెచ్చారు. ఒక్కో తేదీ కింద రెండు అంకెలు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పండగ మూడు రోజులూ కూడా ఖాళీ లేదు.